బోర్డు మీద పేరు పేరునా లెక్క

(వరంగల్, హనుమకొండల్లోని చిన్న సాఫ్ట్‌వేర్ బృందాల వారి కోసం హనుమకొండలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు నేను మీ ముందు పెట్టబోయేది ఒకే ఒక లెక్క. మీ బృందంలో ఒక్కొక్కరి పేరు మీద, మొదలుపెట్టి ఇంకా పూర్తిచేయని పనులు ఈ క్షణాన ఎన్ని ఉన్నాయన్నదే ఆ లెక్క. మన ఆఫీసుల్లో గోడ మీదో, జీరా లాంటి సాధనంలోనో ఒక బోర్డు ఉంటుంది. దాని మీద చేయాల్సినవి, డెవలప్‌మెంట్, రివ్యూ, టెస్టింగ్, పూర్తయినవి అంటూ కాలమ్‌లు ఉంటాయి. ఒక్కో కాలమ్‌లో ఇన్ని కార్డులకు మించి ఉండకూడదన్న పరిమితి కూడా కొందరు పెట్టుకుంటారు. అయినా పనులు సాగుతూనే ఉంటాయి, మనుషులు అలసిపోతూనే ఉంటారు. దానికి కారణం ఆ పరిమితి కాలమ్‌ను చూస్తుందే తప్ప మనిషిని చూడకపోవడమని నా అభిప్రాయం.

ఇది ఎందుకు జరిగిందో తెలియాలంటే ఈ పద్ధతి పుట్టిన చోటుకు ఒకసారి వెళ్లి రావాలి. జపాన్‌లోని టొయోటా కర్మాగారాల్లో తైఇచి ఓనో రూపుదిద్దిన కాన్‌బాన్ పద్ధతిలో, తరువాతి దశ వారు అడిగినంత మేరకే ముందు దశ వారు తయారుచేస్తారు. కర్మాగారంలో కార్మికుడు ఒక స్థానంలో నిలబడి పనిచేస్తాడు కనుక, ఆ స్థానంలో పేరుకునే సరుకుకు హద్దు పెడితే అతని చేతిలోని పనికీ హద్దు పెట్టినట్టే అవుతుంది. 2000ల మధ్యకాలం నుంచి డేవిడ్ ఆండర్సన్ వంటివారు ఈ ఆలోచనను సాఫ్ట్‌వేర్ పనిలోకి తెచ్చినప్పుడు స్థానం కాస్తా కాలమ్ అయింది. కానీ మన ఆఫీసులో మనిషి ఒక స్థానంలో ఉండడు. పొద్దున కోడ్ రాసినవాడే మధ్యాహ్నం పక్కవారి కోడ్‌ను రివ్యూ చేస్తాడు, సాయంత్రం టెస్టింగ్ నుంచి తిరిగొచ్చిన తప్పును సరిదిద్దుతాడు. కాలమ్ పరిమితి బోర్డును నిలువుగా కోసి చూస్తుంది. మనిషి మాత్రం అడ్డంగా మూడు కాలమ్‌లలోనూ పరచుకుని ఉంటాడు.

ఒక బోర్డును ఉదాహరణగా తీసుకుందాం. జిన్నింగ్ మిల్లులకు, పత్తి కొనుగోలుదారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఐదుగురి బృందం అనుకోండి. వారిలో ఒక సీనియర్, అనుభవం ఉన్న ఇద్దరు డెవలపర్లు, కొత్తగా చేరిన ఒక అబ్బాయి, టెస్టింగ్ చూసే ఒక అమ్మాయి ఉన్నారు. డెవలప్‌మెంట్‌కు 6, రివ్యూకు 4, టెస్టింగ్‌కు 4 కార్డుల పరిమితి. సోమవారం పొద్దున బోర్డు చూస్తే డెవలప్‌మెంట్‌లో సరిగ్గా 6, రివ్యూలో 4, టెస్టింగ్‌లో 4 ఉన్నాయి. ఎక్కడా హద్దు దాటలేదు, ఏ కాలమ్ కూడా ఎర్రబారలేదు. ఇప్పుడు అదే 14 కార్డులను పేరు పేరునా విడదీద్దాం. కొత్త అబ్బాయి దగ్గర 1, టెస్టింగ్ అమ్మాయి దగ్గర 2, డెవలపర్లలో ఒకరి దగ్గర 2, ఇంకొకరి దగ్గర 3 తేలాయి. మిగిలిన 6 సీనియర్ మీదే ఉన్నాయి. అందులో రెండు ఆయన సొంతంగా రాస్తున్న కోడ్, మూడు ఇతరుల రివ్యూలు, ఒకటి టెస్టింగ్‌లో తప్పు తేలి తిరిగొచ్చింది.

ఆ ఆరింటిలో ఒక కార్డును దగ్గరగా చూద్దాం. తేమను బట్టి పత్తి ధరను తగ్గించే లెక్క అది. సీసీఐ కొనుగోళ్లలో తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి మద్దతు ధర వస్తుంది, అక్కడి నుంచి 12 శాతం వరకు తేమ పెరిగినకొద్దీ ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. ఈ లెక్కను సగం రాసిన సీనియర్‌ను రివ్యూ కోసం పిలిచారు, ఆ తరువాత వేబ్రిడ్జి నుంచి బరువు రావడం లేదని మిల్లు వారు ఫోన్ చేశారు. నాలుగో రోజు ఆయన ఈ కార్డుకు తిరిగొచ్చేసరికి కోడ్ కళ్ల ముందు అలాగే ఉంది కానీ దాని వెనుక ఉన్న నిర్ణయాలు తలలోంచి జారిపోయాయి. తగ్గింపును క్వింటాల్ ధర మీద లెక్కగట్టి పైసలను అక్కడే సర్దుబాటు చేయాలా, మొత్తం బరువుతో గుణించాక చివర్లో సర్దుబాటు చేయాలా అన్నది మొదటిరోజు మిల్లు అకౌంటెంట్‌తో మాట్లాడి తేల్చుకున్నదే. అది ఎక్కడా రాసి లేదు కనుక మళ్లీ ఫోన్ చేయాలి, ఆయన దొరికేదాకా ఆగాలి, ఆ ఆగే సమయంలో మరో కార్డు తెరవాలి. పని మార్చుకోవడంలో జరిగే నష్టం అంటే సరిగ్గా ఇదే. ఒక పనిని అసంపూర్తిగా వదిలి మరొకదానికి వెళ్లినప్పుడు మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. దాన్ని ఆమె ‘అటెన్షన్ రెసిడ్యూ’ అన్నారు.

అయితే ఈ మతిమరుపు నష్టాన్ని కాసేపు పూర్తిగా పక్కన పెడదాం. మనిషి యంత్రంలాగా, ఒక్క నిమిషం కూడా వృథా కాకుండా పనులు మార్చుకోగలడనే అనుకుందాం. అప్పుడు కూడా లెక్క మనకు వ్యతిరేకంగానే వస్తుంది. ఒకరి దగ్గర మూడు పనులు ఉన్నాయి, ఒక్కోదానికి నాలుగు రోజులు పడుతుంది. ఒకదాని తరువాత ఒకటి చేస్తే అవి 4వ రోజున, 8వ రోజున, 12వ రోజున పూర్తవుతాయి. మూడింటినీ మొదలుపెట్టి రోజుకొకటి చొప్పున వంతులవారీగా చేస్తే మొదటిది 10వ రోజున, రెండోది 11వ రోజున, మూడోది 12వ రోజున పూర్తవుతాయి. సగటు 8 రోజుల నుంచి 11 రోజులకు పెరిగింది. ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మూడో పని. అన్నీ కలిపి మొదలుపెట్టినందువల్ల అది ఒక్క రోజు కూడా ముందు రాలేదు. అందరినీ సంతోషపెడదామని మూడూ మొదలుపెడితే ఇద్దరికి ఆలస్యమైంది, మూడోవారికి ఒరిగిందేమీ లేదు. ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒకే హమాలీల ముఠా మూడు బండ్ల దగ్గరా తిరుగుతూ ఒక్కోదాంట్లోంచి నాలుగేసి బస్తాలు దించుతుంటే ఏ రైతూ ఊరికి బయలుదేరలేడు. యార్డులో ఎవరూ అలా చేయరు. మనం మాత్రం ఆఫీసులో అలాగే చేస్తూ దానికి చురుకుదనం అని పేరు పెడుతున్నాం.

బృందం మొత్తానికి ఇదే మాటను లిటిల్ సూత్రం చెబుతుంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఆ సూత్రం ప్రకారం, ఒక వ్యవస్థలో సగటున ఉన్న పనుల సంఖ్య, అవి పూర్తవుతున్న వేగాన్ని ఒక్కో పనికి పట్టే సగటు కాలంతో గుణిస్తే వచ్చే సంఖ్యకు సమానం. మన ఉదాహరణలోని బృందం వారానికి 5 కార్డులు పూర్తిచేస్తోందనుకుంటే, 14 కార్డులు నడుస్తున్నప్పుడు ఒక్కో కార్డుకు సగటున దాదాపు మూడు వారాలు పడుతుంది. అదే వేగంతో 8 కార్డులే నడిస్తే వారంన్నర చాలు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ సూత్రం సగటులకు మాత్రమే, అదీ వచ్చే పనీ పోయే పనీ కొంతకాలం పాటు సమంగా ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఫలానా కార్డు ఫలానా రోజున పూర్తవుతుందని అది చెప్పదు. సంఖ్యను తగ్గిస్తూ పోతే వేగం ఎప్పటికీ అలాగే ఉంటుందనీ చెప్పదు. మరీ తగ్గిస్తే చేయడానికి పనిలేక వేగమే పడిపోతుంది.

ఇక లెక్క ఎలా తీయాలో చూద్దాం. గోడ మీది బోర్డు అయితే ఒక్కొక్కరికి రెండే అయస్కాంతాలు ఇచ్చి, అయస్కాంతం లేని కార్డును ఎవరూ పట్టుకోకూడదనడం అన్నిటికన్నా తేలిక. మూడో కార్డు తీసుకోవాలంటే చేతిలో అయస్కాంతం ఉండదు, మాట్లాడక తప్పదు. జీరా వాడేవారు కాలమ్‌కు గరిష్ఠ సంఖ్య పెట్టుకోవచ్చు కానీ, దాటితే కాలమ్ రంగు మారుతుందే తప్ప కార్డు ఆగదు. పైగా అది మనిషికి పెట్టే పరిమితి కాదు. అందుకని బోర్డు అమరికలో అడ్డ వరుసలను మనుషుల వారీగా పెట్టుకుని, ఈ కింది ప్రశ్నను ఒక ఫిల్టర్‌గా దాచుకోండి:

```
statusCategory = "In Progress" ORDER BY assignee, updated ASC
```

ఇది ఒక్కొక్కరి పేరు కింద నడుస్తున్న పనులను, చాలా రోజులుగా కదలనివి ముందుగా చూపిస్తుంది. స్ప్రెడ్‌షీట్‌తో నెట్టుకొస్తున్న చిన్న ఆఫీసుల్లో C కాలమ్‌లో పేరు, D కాలమ్‌లో స్థితి ఉన్నాయనుకుంటే, G2లో పేరు రాసి పక్క గడిలో ఈ ఒక్క సూత్రం పెడితే చాలు:

```
=COUNTIFS(C:C, G2, D:D, "In Progress")
```

సంఖ్య రావడం తేలికే. ఏది లెక్కలోకి వస్తుందో తేల్చుకోవడమే కష్టం. నా నియమం చెబుతాను. మొదలుపెట్టాక, పూర్తయ్యేలోపు, మీ తలలో చోటు ఆక్రమించేది ఏదైనా లెక్కలోకి రావాలి. ఇతరుల కోడ్ రివ్యూ చేయడం కూడా పనే కనుక అది రివ్యూ చేసేవారి లెక్కలో పడాలి. ఇక్కడ సాధనం మనల్ని సున్నితంగా మోసం చేస్తుంది. రివ్యూకు పంపినప్పుడు కార్డు మీది పేరును రివ్యూ చేసేవారి పేరుకు మార్చడం చాలాచోట్ల అలవాటు. అలా మార్చగానే రాసినవారి లెక్కలో ఒకటి తగ్గుతుంది, వారు హాయిగా ఇంకో కార్డు తెరుస్తారు. రెండు రోజుల తరువాత రివ్యూ నుంచి పది వ్యాఖ్యలు తిరిగొస్తాయి. మన ఉదాహరణలో కొత్త అబ్బాయి దగ్గర ఒక్కటే ఉన్నట్టు కనిపించినా, సీనియర్ దగ్గర రివ్యూలో ఉన్నవాటిలో ఒకటి ఆ అబ్బాయి రాసినదే కావచ్చు. కాబట్టి రాసినవారి పేరును ఒక ప్రత్యేక గడిలో అలాగే ఉంచి, కార్డు పూర్తయ్యేదాకా ఇద్దరి లెక్కలోనూ చూడడం మంచిది.

ఆగిపోయిన కార్డుల సంగతి ఇంకా చిక్కైనది. మిల్లు వారు శాంపిల్ ఫైలు పంపేదాకా కదలని పనిని లెక్కలో వేయడం అన్యాయమని వాదిస్తారు. పూర్తిగా మినహాయిస్తే ఆ మినహాయింపే గోదాము అవుతుంది. కష్టమనిపించిన ప్రతిదాని మీదా ‘ఆగింది’ అని రాసి పక్కన పడేస్తారు. ఆగడానికి కారణం మన బృందంలోనే ఉంటే లెక్కలో ఉంచాలి, ఎందుకంటే దాన్ని కదిలించగలిగేది మనమే. కారణం బయట ఉంటే వేరే కాలమ్‌లో పెట్టి, ఎవరిని ఏ తేదీన మళ్లీ అడగాలో కార్డు మీదే రాయాలి. తేదీ లేని కార్డును ఆ కాలమ్‌లో పెట్టనివ్వకూడదు. ఉప పనులుగా విడగొట్టిన చోట పెద్ద కార్డునో చిన్నవాటినో లెక్కించాలి కానీ రెంటినీ లెక్కించకూడదు. లేకపోతే ఒకే పనికి నాలుగు అంకెలు వస్తాయి.

బోర్డుకు ఎక్కని పని మరొకటి ఉంది. ఎవరి మీద అనుమానంతోనూ కాకుండా, ఒక్కొక్కరూ తమ కంప్యూటర్‌లో తామే ఈ రెండు ఆదేశాలు ఇచ్చి చూసుకోమని అడుగుతాను:

```
git branch --no-merged main
git stash list
```

మొదటిది ప్రధాన శాఖలో ఇంకా కలవని శాఖలను చూపిస్తుంది. రెండోది మధ్యలో ఎవరో పిలిస్తే హడావిడిగా దాచిపెట్టి వెళ్లిన మార్పులను చూపిస్తుంది. బోర్డు మీద రెండు కార్డులున్న మనిషి దగ్గర స్టాష్‌లో ఐదు వరుసలు కనిపిస్తే, అసలు సంఖ్య ఏదో వేరే చెప్పనక్కరలేదు. పాత శాఖల్లో చచ్చిపోయినవి కూడా ఉంటాయి కనుక అన్నిటినీ కలిపేయకుండా, ఏవి ఇంకా బతికున్నాయో వారినే అడగండి.

ఇప్పుడు మన సీనియర్ దగ్గరికి వద్దాం. ఒక్కొక్కరికి రెండు అని పరిమితి పెట్టుకున్నాం. ఒకటి కాకుండా రెండు ఎందుకంటే, ఒకటి వేచి ఉన్నప్పుడు రెండోదాన్ని కదిలించుకునే వీలుండాలి. ఆరు నుంచి రెండుకు రావడానికి ఆ రోజే నాలుగు కార్డులు లాక్కోవడం సరైన దారి కాదని నా అనుభవం. చేయాల్సింది ఏమిటంటే, కొత్తది మొదలుపెట్టడం ఆపి, బోర్డులో కుడివైపు నుంచి, అంటే పూర్తవడానికి దగ్గరగా ఉన్నదాని నుంచి ముగించుకుంటూ రావడం. టెస్టింగ్ నుంచి తిరిగొచ్చిన తప్పు సోమవారమే సరిచేస్తే ఐదు. మూడు రివ్యూలలో చిన్నదాన్ని కొత్త అబ్బాయికి ఇస్తే నాలుగు. ఆ అబ్బాయికి దానివల్ల పాత కోడ్ కూడా పరిచయమవుతుంది. సొంత కోడ్ కార్డుల్లో వేబ్రిడ్జిదాన్ని ఇంకా పెద్దగా తాకలేదు కనుక, ఎక్కడిదాకా వచ్చిందో నాలుగు వాక్యాలు రాసి ‘చేయాల్సినవి’లో తిరిగి పెడితే మూడు. మంగళవారం మరో రివ్యూ ముగిస్తే రెండు. మిగిలినవి ఒక రివ్యూ, తేమ లెక్క. ఈ రెండు రోజుల్లో ఆయన దగ్గరికి కొత్తగా మరో రివ్యూ పట్టుకొచ్చినవారితో ‘తీసుకోలేను’ అనడం ఆయనకు కష్టం, అందుకని ఆ మాట బోర్డు చేత అనిపించాలి. రివ్యూకు పంపేవారే ముందు ఎవరి దగ్గర చోటు ఉందో చూసుకోవాలి. ఎవరి దగ్గరా లేకపోతే తాము ఇంకో కార్డు తెరవకుండా, నిలిచిపోయిన రివ్యూనో టెస్టింగ్‌నో ముందుకు నడపడంలో చేయి వేయాలి.

ఇక్కడే యజమానులకు ఇబ్బంది మొదలవుతుంది. ఒక డెవలపర్ తన రెండూ రివ్యూకు పంపి గంటసేపు టెస్టింగ్ అమ్మాయి పక్కన కూర్చుంటే పనిలేకుండా ఉన్నట్టు కనిపిస్తుంది. అది కంటికి నచ్చక ‘ఊరికే ఎందుకు, ఇంకోటి మొదలుపెట్టు’ అంటారు. ఆ ఒక్క మాటతో మొత్తం పద్ధతి కూలిపోతుంది. ఇంకా ప్రమాదకరమైనది, ఈ సంఖ్యను మనిషి పనితీరుకు కొలమానంగా వాడడం. సీనియర్ దగ్గర ఆరు ఉండడం ఆయన క్రమశిక్షణ లోపం కాదు, రివ్యూలన్నీ ఒకే మనిషి దగ్గరికి వెళ్లేలా మనం ఏర్పాటు చేసుకోవడం వల్ల వచ్చిన ఫలితం. నెలాఖరు సమీక్షలో ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయని నిలదీయడం మొదలైతే, మరుసటి వారానికే కార్డులు ‘చేయాల్సినవి’ కాలమ్‌లో ఉండగానే పని రహస్యంగా నడుస్తుంది, బోర్డు అందంగా కనిపిస్తుంది. దాన్ని పట్టుకునే గుర్తు ఒకటుంది. పొద్దున ‘జరుగుతోంది’లోకి వచ్చిన కార్డు సాయంత్రానికే పూర్తవడం పదే పదే జరుగుతుంటే, అది అంతకుముందే మొదలైందని అర్థం.

ఈ పద్ధతి పనిచేయని చోట్లు కూడా చెప్పాలి. అక్టోబర్ నుంచి పత్తి రావడం మొదలైతే మిల్లుల ఫోన్లు ఆగవు. తక్‌పట్టీ ముద్రణ కావడం లేదని ఫోన్ వస్తే, నా చేతిలో ఇప్పటికే రెండున్నాయి అనలేం. ఆ నెలల్లో వారానికొకరిని ఫోన్ల కోసం కేటాయించి, వారికి కోడ్ పనిలో పరిమితిని ఒకటికి తగ్గించడం మేలు. మిగిలిన నలుగురి లెక్క అప్పుడు చెదరదు. డేటాబేస్ లాంటి విషయం ఒక్కరికే తెలిసిన బృందంలో ఆ ఒక్కరి చేతిలో రెండే ఉన్నా, ఆయన గడప ముందు పది వేచి ఉంటాయి. పరిమితి ఆ వరుసను బయటపెడుతుంది కానీ కరిగించదు. దాన్ని కరిగించాలంటే రెండో మనిషికి నేర్పాలి, అందుకోసం ఆయన రెండు చోట్లలో ఒకదాన్ని కొన్ని వారాలు వదులుకోవాలి.

రెండు అన్న సంఖ్య కూడా శాసనం కాదు. నెల గడిచాక రెండు విషయాలు చూడండి. పూర్తయిన కార్డులకు మొదలు నుంచి చివరిదాకా పట్టిన రోజుల్లో మధ్యస్థం ఎంత, పరిమితి వల్ల పని దొరకక నిజంగా ఆగినవారు ఎవరు. తరచూ ఒకే మనిషి ఆగుతుంటే ఆ మనిషికి మూడు ఇచ్చి చూడండి. ఎవరూ ఎప్పుడూ పరిమితిని తాకకపోతే, అది మరీ వదులుగా ఉందేమో, లేదా పని బోర్డుకు ఎక్కడం లేదేమో ఆరా తీయండి. సంఖ్య మార్చిన ప్రతిసారీ ఆ తేదీని బోర్డు పక్కనే రాయండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి. చేస్తే, రోజులు తగ్గింది పరిమితి వల్లనా, సీజన్ ముగియడం వల్లనా అన్నది తరువాత ఎవరూ తేల్చలేరు.